మెషీన్ నచ్చలేదు, దాని గురించి రాయడం నచ్చింది

*మేడమ్, నమస్తే. మాది గాజువాక. నాన్న స్టీల్ ప్లాంటులో టెక్నీషియన్. ఆయన మాట కాదనలేక మెకానికల్‌లో చేరాను. 2024లో బీటెక్ అయింది, 6.9 సీజీపీఏ, బ్యాక్‌లాగులు లేవు. కానీ ఆ సబ్జెక్టు ఏనాడూ నచ్చలేదు. వర్క్‌షాప్ అంటే భయం, డిజైన్ లెక్కలంటే నీరసం. ఫైనలియర్‌లో మా బ్యాచ్ జీడిపిక్కలు కోసే మెషీన్ చేసింది. మెషీన్ ఆటోనగర్‌లో చేయించాం. రిపోర్టు మాత్రం మొత్తం నేనే రాశాను, వైవాకి అందరికీ నేనే చెప్పాను. ఇప్పుడు నాన్న ద్వారకానగర్‌లో సాఫ్ట్‌వేర్ కోర్సుకి డబ్బు కడతానంటున్నారు. బావ బ్యాంకు పరీక్షలు రాయమంటున్నాడు. నాకు చదవడం, రాయడం ఇష్టం. కానీ ఇంత డబ్బు పోసి చదివిన డిగ్రీ బూడిదలో పోసినట్టవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?*
*ఒక పాఠకురాలు, గాజువాక*

మీ ఉత్తరంలో నేను రెండోసారి వెనక్కి వెళ్లి చదివింది రిపోర్టు గురించి రాసిన వాక్యం. మన కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల సంగతి అందరికీ తెలిసిందే. మెషీన్ బయట చేయిస్తారు, రిపోర్టు సీనియర్ల దగ్గర తెచ్చుకుని పేర్లు మారుస్తారు. అలాంటి చోట మొదటి పేజీ నుంచి చివరిదాకా కూర్చుని రాసి, మిగతావాళ్లకి అర్థమయ్యేలా చెప్పారంటే ఆ మెషీన్ మీకు బాగానే అర్థమైంది. మీకు విసుగు పుట్టించింది దాన్ని తయారుచేయడం, దానికి లెక్కలు కట్టడం. అది ఎలా పనిచేస్తుందో మాటల్లో పెట్టడం దగ్గర మీకు ఇబ్బందేమీ రాలేదు. కాలేజీలో ఈ రెండూ ఒకే బ్రాంచి పేరు కింద ఉంటాయి గానీ, బయట ఉద్యోగాల్లో ఈ రెండు పనులూ వేర్వేరు మనుషులు చేస్తారు.

బావగారు చెప్పిన బ్యాంకు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. అక్కడ మీ బీటెక్‌కీ, పక్కింటి అమ్మాయి బీఏకీ విలువ ఒకటే. అది తప్పని అనను, కానీ మీ టెన్షన్ తీరదు. కోర్ మెకానికల్ ఉద్యోగాల్లో డిగ్రీ పనికొస్తుంది, రోజంతా మీకు నచ్చని పనే. ఈ రెండూ పోగా కొద్దిపాటి పనులు మిగులుతాయి. వాటిలోకి వెళ్లాలంటే సైన్సో ఇంజనీరింగో చదివి ఉండాలని చట్టమే చెబుతుంది, తీరా వెళ్లాక చేసేదంతా చదవడం, పోల్చడం, రాయడం. బీమా కంపెనీల తరఫున నష్టం అంచనా వేసే సర్వేయర్ పని కొంతవరకూ ఇలాంటిదే, కానీ సైట్లు పట్టుకుని తిరగాలి. మీ ఉత్తరం చూశాక నాకు తట్టింది మాత్రం పేటెంట్ పని. కొత్తగా కనిపెట్టినదాన్ని వేరేవాళ్లు వాడుకోకుండా ఆపే హక్కు పేటెంట్. అలాంటిది ముందే ఉందేమో వెతకడం, ఆ హక్కు కోసం పత్రం రాయడం ఈ పని. నేను చాలాకాలంగా ఇదే చేస్తున్నాను కాబట్టి దీని మంచీ చెడూ రెండూ చెప్పగలను.

భారత పేటెంట్ల చట్టం, 1970 ప్రకారం పేటెంట్ ఏజెంటుగా నమోదు కావాలంటే 21 ఏళ్లు నిండిన భారత పౌరులై, సైన్స్, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీలో డిగ్రీ ఉండాలి. ఆపైన కేంద్ర ప్రభుత్వ పేటెంట్ ఆఫీసు పెట్టే అర్హత పరీక్ష పాసవ్వాలి. ఎంత ఇంగ్లిషు వచ్చినా, ఎంత చక్కగా రాసినా, బీకాం చదివినవాళ్లను ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. మీ సర్టిఫికెట్ అవసరం సరిగ్గా అక్కడ పడుతుంది. మార్కులు ఎన్నొచ్చాయన్నది కూడా పెద్దగా అడ్డురాదు.

ఇక పని ఏమిటో చూద్దాం. 1858లో అమెరికాలో హైమన్ లిప్‌మన్ అనే ఆయన పెన్సిల్‌కి ఒక చివర రబ్బరు ఇమిడ్చి పేటెంట్ తీసుకున్నాడు. గూగుల్ పేటెంట్స్‌లో `US19783A` అని కొడితే ఆ పత్రం వస్తుంది. చాలా చిన్నది, టీ తాగేలోపు చదివేయొచ్చు. ఆ హక్కులు కొనుక్కున్న రెకెండార్ఫర్ తర్వాత ఫేబర్ మీద కేసు వేశాడు. 1875లో అమెరికా సుప్రీంకోర్టు అసలు ఆ పేటెంటే చెల్లదని తేల్చింది. పెన్సిల్ ఎప్పటిలాగే రాస్తోంది, రబ్బరు ఎప్పటిలాగే చెరుపుతోంది, రెండింటినీ ఒకచోట చేర్చడం వల్ల కొత్తగా జరుగుతున్నదేమీ లేదు అన్నది కోర్టు వాదన. మన చట్టంలో సెక్షన్ 3(ఎఫ్) చెప్పేదీ ఇంచుమించు ఇదే. ఎవరి పని వాళ్లు చేసుకుపోయే తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన అది ఆవిష్కరణ కాదు.

ఇప్పుడు మీ మెషీన్ తీయండి. సాయంత్రాలు కూర్చుంటే రెండు మూడు వారాల్లో అయ్యే కసరత్తు ఒకటి చెబుతాను. దీనికి పైసా ఖర్చు లేదు. ఈ పని మీకు సరిపడుతుందో లేదో నా సలహా కంటే, ఏ డిప్లొమా కంటే ఇదే బాగా తేలుస్తుంది. ఒక్క మాట, ఇది పేటెంట్‌కి దరఖాస్తు వేయడానికి కాదు. మీ రిపోర్టు కాలేజీలో ఇచ్చేశారు, మెషీన్ నలుగురూ చూసేశారు. బయటపడిన తర్వాత దాన్ని కొత్తదనడం కష్టం.

మీ మెషీన్ నేను చూడలేదు. ఇలాంటి ప్రాజెక్టుల్లో మామూలుగా ఉండే రకమే అనుకుని చెబుతున్నాను. ఒక ఫ్రేము, కాలితో తొక్కే పెడల్, కదలని బ్లేడు ఒకటి, దాని ఎదురుగా కదిలే బ్లేడు ఒకటి, పిక్కను పట్టి ఉంచే గుంట, కాలు తీయగానే బ్లేడును వెనక్కి లాగే స్ప్రింగు. తెల్లకాగితం మీద ఈ భాగాల పేర్లు కిందకి ఒక్కోటి రాసి, పక్కన అది చేసే పని రాయండి. కొలతలు వద్దు, ఏ ఉక్కుతో చేశారో వద్దు. చివర ఒక ప్రశ్న వేసుకోండి. ఈ భాగాల్లో ఏ రెండు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడం వల్ల ఇంతకుముందు లేని మేలు జరుగుతోంది? పలాసలో జీడిపిక్కలు కోసేవాళ్ల చేతులు ఎప్పుడైనా చూశారా? పెంకులో ఉండే నూనె తగిలి చర్మం కాలి పొరలు లేస్తుంది. దానికి తోడు పిక్కను వేళ్లతో బ్లేడు మధ్య పెట్టాలి. మీ మెషీన్‌లో గుంట పెడల్‌కి కలిపి ఉండి, తొక్కగానే తనంతట తనే పిక్కను బ్లేడు వైపు తిప్పుతుందనుకుందాం. అప్పుడు చెయ్యి బ్లేడు దాకా వెళ్లక్కర్లేదు. అసలు కథ ఆ గుంటకీ పెడల్‌కీ ఉన్న సంబంధంలో ఉంది. ఇలాంటి సంబంధం ఏదీ దొరక్కపోతే మీ మెషీన్ కూడా పెన్సిలూ రబ్బరే. అది తెలుసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

తర్వాత వెతకడం. ప్రపంచంలో ఎక్కడైనా, ఏ భాషలోనైనా ఇది ముందే ఎవరైనా చెప్పేశారా అని చూడాలి. మా పనిలో దీన్ని ప్రయర్ ఆర్ట్ సెర్చ్ అంటారు. గూగుల్ పేటెంట్స్, యూరప్ పేటెంట్ ఆఫీసువాళ్ల ఎస్పేస్‌నెట్, మన పేటెంట్ ఆఫీసువాళ్ల ఇన్‌పాస్ మూడూ ఉచితమే. కొత్తగా వచ్చినవాళ్లంతా ఇక్కడే బోల్తాపడతారు. తాము వాడే పేరుతోనే వెతికి, ఏమీ దొరకలేదని సంబరపడతారు. మీరు కట్టర్ అన్నదాన్ని ఒకాయన షెల్లర్ అని రాసి ఉంటాడు, ఇంకొకాయన డీకార్టికేటర్ అని, మరొకాయన క్రాకింగ్ మెషీన్ అని. జీడి అన్న మాటే లేకుండా గింజలు అని మాత్రమే రాసిన పత్రమూ ఉంటుంది. అందుకే మాటలతో పాటు వర్గీకరణ కోడ్‌తో కూడా వెతుకుతారు. పేటెంట్లన్నిటికీ లైబ్రరీ పుస్తకాల్లా నంబర్లు వేసి ఉంటాయి. గింజల పెంకు తీసే, పగలగొట్టే యంత్రాలకు `A23N5/00`. దానితో వెతికితే మీకు తట్టని మాటలు వాడిన పత్రాలు కూడా బయటికొస్తాయి. వాటిలో కనిపించిన కొత్త మాటలతో మళ్లీ వెతకాలి. కొన్నాళ్లకి కొత్త పత్రాలు రావడం తగ్గి, చూసినవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఆపాల్సింది అప్పుడు.

ఎంత బాగా వెతికినా ఒక గుడ్డిచోటు మిగులుతుంది. దరఖాస్తు వేసిన తర్వాత మామూలుగా 18 నెలల దాకా దాన్ని ప్రచురించరు. అంటే నిన్న మొన్న ఎవరో ఇదే వేసి ఉన్నా మీకు కనబడదు. సెర్చ్ రిపోర్టులో ఆ సంగతి ఒప్పుకుంటూ రాసేవాళ్లను నమ్మొచ్చు. ప్రపంచంలో ఇలాంటిదే లేదని తీర్మానించేవాళ్లకు పని రాదని అర్థం.

దొరికినవాటిలో దగ్గరగా ఉన్న ఐదారు పత్రాలు తీసుకుని పట్టిక వేయండి. అడ్డంగా మీ భాగాలు, నిలువుగా పత్రాలు. ఏ పత్రంలో ఏది ఉందో, ఎన్నో పేరాలో ఉందో రాయాలి. ఉదాహరణకి మొదటి పత్రంలో పెడల్, రెండు బ్లేడులు, స్ప్రింగు ఉన్నాయి, గుంట లేదు. రెండోదాంట్లో గుంట ఉంది, కానీ అది కదలదు, మెషీన్ మోటారుతో నడుస్తుంది. మీ భాగాలన్నీ ఒక్క పత్రంలోనే దొరికితే కొత్తదనం పోయినట్టే. ఇక్కడ ఏ ఒక్కదాంట్లోనూ అన్నీ లేవు కాబట్టి ఆ గండం గడిచింది. అయినా ఇంకోటి ఉంది. ఈ రెండు పత్రాలూ చదివిన మామూలు మెకానిక్‌కి, గుంటను పెడల్‌కి కలపాలని ఇట్టే తడుతుందా? తడుతుందంటే పేటెంట్ రాదు. తట్టదంటే ఎందుకు తట్టదో కారణం చెప్పాలి. మెకానికల్ చదువు లేనివాళ్లు ఈ ప్రశ్న దగ్గర నోరు తెరవలేరు. మీరు నాలుగేళ్లు ఇష్టం లేకుండా విన్న కైనమాటిక్స్ క్లాసు ఇక్కడ అక్కరకొస్తుంది, కానీ ఒక్క లెక్క కూడా చేయకుండా.

చివరిది రాయడం. పేటెంట్ పత్రంలో హక్కు ఎంతవరకో తేల్చే భాగాన్ని క్లెయిమ్స్ అంటారు. మిగతాదంతా వాటికి ఆసరా. మన దేశంలో వీటిని ఇంగ్లిషులో గానీ హిందీలో గానీ రాయాలి. మీకు తీరు తెలియడానికి తెలుగులో ఒకటి రాసి చూపిస్తాను.

“జీడిపిక్కలు కోసే పరికరం. అందులో ఒక ఫ్రేము. ఆ ఫ్రేముకు బిగించిన మొదటి బ్లేడు. ఆ మొదటి బ్లేడుకు ఎదురుగా కదిలే రెండో బ్లేడు. ఆ రెండో బ్లేడును కదిలించే పెడల్. రెండు బ్లేడుల మధ్యకు పిక్కను చేర్చే గుంట ఉంటాయి. ఆ గుంట పెడల్‌కు ఒక లింకు ద్వారా కలిసి ఉండి, పెడల్ తొక్కినప్పుడు పిక్క పొడవువారగా బ్లేడుల అంచులకు ఎదురు వచ్చేలా తిరుగుతుంది.”

స్ప్రింగు ఎక్కడికి పోయిందని అడుగుతారు. కావాలనే తీసేశాను. స్ప్రింగు అని రాస్తే, పోటీవాడు దాని బదులు బరువు వేలాడదీసి మన హక్కు దాటుకుని పోతాడు. మెషీన్ ప్రధాన ఉపాయం అది లేకపోయినా నడుస్తుంది కాబట్టి దాన్ని రెండో క్లెయిమ్‌లో పెడతాం, మొదటి క్లెయిమ్‌లో చెప్పిన పరికరానికి అదనంగా స్ప్రింగు ఉన్నది అని. బోల్టుతో బిగించినట్టు రాశారనుకోండి, వెల్డింగ్ చేసినవాడు తప్పించుకుంటాడు. అలాగని మరీ వదులుగా, పిక్కను కోసే సాధనం అని ఊరుకుంటే, వెనకటి పత్రాలన్నీ వచ్చి మీద పడతాయి. ఈ రెండింటి మధ్య చోటు వెతుక్కోవడమే డ్రాఫ్టింగ్. మొదటిసారి వచ్చినప్పుడు ‘ఒక ఫ్రేము’, ఆ తర్వాత ప్రతిసారీ ‘ఆ ఫ్రేము’ అనాలి. చెప్పకుండా మధ్యలో ‘ఆ లివరు’ అని ఊడిపడితే ఏ లివరు అని పేటెంట్ ఆఫీసులో దరఖాస్తు పరిశీలించే ఎగ్జామినర్ అడుగుతారు. సమర్థవంతమైన, సులువైన, తక్కువ ఖర్చుతో కూడిన లాంటి పొగడ్తలు క్లెయిమ్‌లో ఎక్కడా ఉండకూడదు. కాలేజీ రిపోర్టు రాసిన చేతికి మొదట్లో ఇవి మానడమే కష్టం.

ఇంగ్లిషులో ఇలాంటివి ఒక మూడు నాలుగు క్లెయిమ్‌లు రాసి, రెండ్రోజులు పక్కన పెట్టి మళ్లీ చదవండి. పోటీవాడి పక్షాన కూర్చుని, ఇందులో ఒక్క భాగం మార్చి ఎలా తప్పించుకోవచ్చో వెతకండి. కన్నం దొరికితే మళ్లీ రాయండి.

ఇక మిమ్మల్ని మీరు గమనించుకోవాల్సిన చోటు ఇదే. ‘కలిసి’ అనాలా ‘బిగించి’ అనాలా అని అరగంట కొట్టుకున్నారా, ఆ అరగంట తెలియకుండా గడిచిపోయిందా? అయితే ఈ పని మీదే. పత్రం తెరవగానే బొమ్మలు చూసి, క్లెయిమ్స్ పేజీ రాగానే ఫోన్ చేతిలోకి తీసుకుంటున్నారా? అయితే ఇక్కడితో వదిలేయండి, ఏమీ పోలేదు. మూడో రకం కూడా ఉంది. వెతకడం బాగా నచ్చుతుంది, రాయడం విసుగు. అలాంటివాళ్లకి సెర్చ్ మాత్రమే చేసే ఉద్యోగాలున్నాయి. మీరు రాయడం ఇష్టమన్నారు, కానీ ఏ రకం రాత ఇష్టమో చెప్పలేదు. కథలు, కవితలు రాసే ఇష్టమే అయితే ఇక్కడ ఊపిరాడదు. ఒకే మాటను పదిసార్లు అదే మాటగా వాడాల్సిన రాత ఇది. పర్యాయపదం వాడితే వేరే వస్తువు అనుకుంటారు.

కసరత్తు నచ్చితే ముందు ఉద్యోగం వెతుక్కోండి, పరీక్ష తర్వాత. ఏజెంటు పరీక్ష పాసవ్వకపోయినా పేటెంట్ అనలిస్ట్, పేటెంట్ అసోసియేట్ పేర్లతో బీటెక్ ఫ్రెషర్లను తీసుకుంటారు. ఈ కంపెనీలు, లా ఫర్మ్‌లు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, పుణె, ఢిల్లీ చుట్టుపక్కల ఉన్నాయి. విశాఖలో తక్కువ, అది మీ ఇంట్లో ముందే చెప్పేయండి. కొన్నేళ్లు బయట చేసి చేయి తిరిగాక ఇక్కడి నుంచే పని చేసుకోవచ్చు. పేటెంట్ ఆఫీసులో ఫైలింగ్ అంతా ఆన్‌లైన్‌లోనే, మన రాష్ట్రం చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తుంది. మీ గాజువాక పక్కనే మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలున్నాయి. అలాంటి పరికరాల్లో మెకానికల్ తెలిసిన డ్రాఫ్టర్ పని ఎప్పుడూ ఉంటుంది, కానీ ఫ్రెషర్‌ని నమ్మి ఇవ్వరు.

ఏజెంటు పరీక్షలో రెండు పేపర్లు. మొదటిది చట్టం మీద ఆబ్జెక్టివ్, రెండోది డ్రాఫ్టింగ్, ఆపైన వైవా. ఒక్కో పేపర్లో విడిగా 50 శాతం, మొత్తం మీద 60 శాతం రావాలి. ప్రతి ఏడాదీ కచ్చితంగా జరుగుతుందన్న నమ్మకం పెట్టుకోకండి, మధ్యలో ఖాళీ ఏళ్లు పోయిన సందర్భాలున్నాయి. ఉద్యోగం చేస్తూ చదవమనడానికి కారణం అదే. డ్రాఫ్టింగ్ పేపరు ఇంట్లో కూర్చుని బట్టీ పడితే వచ్చేది కాదు కూడా. చట్టం పునాది కోసం ఐక్యరాజ్యసమితి మేధో సంపత్తి సంస్థ వైపో నడిపే `DL-101` ఆన్‌లైన్ కోర్సు ఉచితం. దాన్ని ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. మేధో సంపత్తి హక్కుల మీద ఐపీఆర్ డిప్లొమా అంటూ వేలకు వేలు అడిగేవాటికి ఇప్పుడప్పుడే కట్టకండి. ఇంటర్వ్యూలో వాళ్లు మీ చేతికి ఒక పేటెంట్ ఇచ్చి దీని సారాంశం చెప్పండి, ఈ క్లెయిమ్‌ని ఈ ప్రొడక్టుతో పోల్చండి అంటారు. అక్కడ డిప్లొమా కాగితం సాయం చేయదు.

ఒక జాగ్రత్త. పేటెంట్ కన్సల్టెన్సీ బోర్డు పెట్టుకుని, ప్రమోషన్ పాయింట్ల కోసం ఎగబడే లెక్చరర్లకు ఆవిష్కర్తల జాబితాలో పేర్లు అమ్మే దుకాణాలు ఉన్నాయి. పది మంది పేర్లు, గంటలో వండిన పత్రం, ఒక్కోసారి విదేశీ డిజైన్ రిజిస్ట్రేషన్‌ని పేటెంట్ అని చెప్పడం. ఇంటర్వ్యూలో నెలకు ఎన్ని ఫైల్ చేస్తారని అడగండి. ఒక్కో డ్రాఫ్టర్ రోజుకు రెండు మూడు అంటే మర్యాదగా లేచి వచ్చేయండి. మీరు ఇప్పుడే చేయబోయే కసరత్తుకు ఎంత సమయం పడుతుందో చూశాక ఆ లెక్క ఎంత అబద్ధమో మీకే తెలుస్తుంది.

జీతం మొదట్లో మీ సాఫ్ట్‌వేర్ స్నేహితులతో పోలిస్తే చిన్నగా అనిపించవచ్చు. ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ బ్రాంచిలవాళ్లకి పని కాస్త ఎక్కువ దొరుకుతుంది, మెకానికల్‌కి కాస్త తక్కువ. గడువుల ఒత్తిడి కూడా గట్టిదే. ఒక దరఖాస్తు గడువు తప్పితే క్లయింటు హక్కే పోవచ్చు, అందుకే రాత్రులు కూర్చోవాల్సిన రోజులుంటాయి. రోజులో ఎక్కువ భాగం మనుషులతో మాట్లాడకుండా స్క్రీన్ ముందే గడుస్తుంది. వైవాకి అందరికీ చెప్పడం మీకు నచ్చిన భాగమైతే ఈ చివరిది ఆలోచించుకోండి. ఎందుకంటే చెప్పడమే ఎక్కువ ఇష్టమైతే ఏపీ ఎడ్‌సెట్ రాసి బీఈడీ చేసే దారి బీటెక్ వాళ్లకీ తెరిచే ఉంది. అది వేరే కథ.

నాన్నగారికి ఎలా చెప్పాలన్నది మీరు అడగలేదు, కానీ అసలు చిక్కు అదేనేమో. పేటెంట్ అనలిస్ట్ అంటే ఆయనకు ఏమీ అర్థం కాదు. ఎగ్జామినర్ సంగతి చెప్పండి. పేటెంట్ ఆఫీసులో దరఖాస్తులు పరిశీలించే ఎగ్జామినర్లు కేంద్ర ప్రభుత్వ గ్రూప్ ఎ గెజిటెడ్ అధికారులు, లెవెల్ 10, మూల వేతనం 56,100తో మొదలు. 2023లో 553 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఫిజిక్స్, కెమిస్ట్రీ వాళ్లకి పీజీ అడిగారు, మెకానికల్‌కి బీటెక్ చాలన్నారు. స్టీల్ ప్లాంటులో పనిచేసే మనిషికి గ్రేడు, స్కేలు చెబితే ఇట్టే అర్థమవుతుంది. అయితే ఆ నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ రావు, వచ్చినా ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. అది వస్తుందని ఇంట్లో కూర్చోవద్దు, ఉద్యోగం చేస్తూ ఉంటే ఆ పరీక్షకి కావాల్సిన సగం చదువు దానంతట అదే అవుతుంది. చట్టం మరీ నచ్చితే కొన్నేళ్ల తర్వాత లాసెట్ రాసి ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు. ఇంజనీరింగ్, లా రెండూ ఉన్నవాళ్లు పేటెంట్ కేసుల్లో కోర్టులో కూడా నిలబడగలరు. ఇప్పుడే మాత్రం వద్దు. ఇంకో మూడేళ్లు ఫీజులు కట్టించి, అదీ నచ్చలేదంటే నాన్నగారి ముందు మాట పెగలదు.

సాఫ్ట్‌వేర్ కోర్సుకి కట్టే డబ్బు ఒక్క నెల ఆపమనండి. వద్దని చెప్పక్కర్లేదు, నెల తర్వాత చెబుతానంటే చాలు. ఆ నెలలో కసరత్తు పూర్తిచేసి, పట్టిక ఒక పేజీ, క్లెయిమ్‌లు ఒక పేజీ శుభ్రంగా టైప్ చేయండి. దరఖాస్తు పంపేటప్పుడు రెజ్యూమేకి ఆ రెండు పేజీలూ జతచేయండి. 2024 నుంచి ఏం చేస్తున్నావని ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. గ్యాప్ గురించి సంజాయిషీలు మొదలుపెట్టకుండా, ఆ పట్టిక వాళ్ల ముందుకు జరిపి, ఏ పత్రం దగ్గర మీకు అనుమానం వచ్చిందో అక్కడి నుంచి చెప్పడం మొదలుపెట్టండి.